సైజు హద్దుల్లో ఒదిగిన వంపు హద్దు

ఒక షాఫ్ట్ డ్రాయింగు తీసుకుందాం. పొడవు 300 మిల్లీమీటర్లు, వ్యాసం 20 మిల్లీమీటర్లు, వ్యాసం పక్కన హెచ్7 అనే గుర్తు. చిన్నబడి అక్షరంతో రాసే ఈ హెచ్7కి అర్థం ఏమిటో పట్టికలు చెబుతాయి: షాఫ్ట్ లావు 20.000 మించకూడదు, 19.979కి తగ్గకూడదు. అంటే టర్నర్‌కి ఇచ్చిన వెసులుబాటు మొత్తం 0.021 మిల్లీమీటరు. డ్రాయింగులో అంతకు మించి ఏమీ లేదు. షాఫ్ట్ ఎంత తిన్నగా ఉండాలో ఎక్కడా రాయలేదు. మరి ఈ షాఫ్ట్ ఎంత వంగి ఉండవచ్చు? రాయలేదు కాబట్టి ఎంతైనా వంగవచ్చని ఒకరు అంటారు. షాఫ్ట్ అన్నాక తిన్నగా ఉండాల్సిందే, అసలు వంగకూడదని ఇంకొకరు అంటారు. ఎన్వలప్ సూత్రం వర్తించే డ్రాయింగులో ఈ రెండు జవాబులూ తప్పే. అక్కడ వంపుకి కచ్చితమైన హద్దు ఉంది, ఆ హద్దు సైజు అంకెల్లోంచే పుడుతుంది. అయితే ఆ హద్దు ఒక స్థిరమైన అంకె కాదు, షాఫ్ట్ లావుని బట్టి మారుతుంది. పైగా పొట్టి షాఫ్ట్‌కి ఎంతో సహజంగా కనిపించే ఈ హద్దు, పొడవుగా సన్నగా ఉండే షాఫ్ట్‌కి వచ్చేసరికి దాదాపు అసాధ్యమైన కోరికగా మారుతుంది. ఎందుకలా అవుతుందో, అలా అయినప్పుడు ఏం చేయాలో చూడటమే ఈ అధ్యాయం పని.

ముందు మైక్రోమీటర్ ఏం కొలుస్తుందో గమనించాలి. దాని రెండు దవడలు షాఫ్ట్‌ని ఎదురెదురు బిందువుల దగ్గర పట్టుకుంటాయి. ఆ రెండు బిందువుల మధ్య దూరమే మనకి కనిపించే అంకె. షాఫ్ట్ పొడవునా పది చోట్ల కొలిచి, పదిచోట్లా 19.990 వచ్చిందనుకుందాం. ఇన్‌స్పెక్టర్ సంతృప్తిగా తలూపవచ్చు. కానీ అదే షాఫ్ట్ విల్లులా 0.050 మిల్లీమీటరు వంగి ఉంటే? మైక్రోమీటర్‌కి అది తెలియదు. వంగిన చోట కూడా అడ్డంగా లావు 19.990 మాత్రమే. ఇప్పుడు దీన్ని సరిగ్గా 20.000 వ్యాసంతో, 300 పొడవుతో, ఏ లోపమూ లేని రంధ్రంలోకి తోసి చూడండి. దూరదు. ఎందుకంటే రంధ్రానికి తగిలేది ఏదో ఒక అడ్డుకోతలోని లావు కాదు, పొడవంతా కలిసి ఆక్రమించే చోటు. ఆ చోటు 19.990కి 0.050 కలిపితే వచ్చే 20.040. కొలతలో పాసయిన షాఫ్ట్ బిగింపులో ఫెయిలవడానికి కారణం ఇదే. ఈ తేడాని తీర్చడానికి దారి చూపినవాడు ఇంగ్లండులోని లెస్టర్‌లో కటకాలు, కొలత పరికరాలు తయారుచేసిన విలియం టేలర్. 1905లో పేటెంటు పొందిన ఆయన ఆలోచన ఇది: సరిపోయిందని చెప్పే గో గేజ్ భాగం పూర్తి ఆకారానికీ, పూర్తి పొడవుకీ సమానంగా ఉండాలి. మరీ చిన్నదైపోయిందని పట్టే నో-గో గేజ్ మాత్రం ఒక్కో చోట ఒక్కో కొలతనే విడివిడిగా పరీక్షించాలి.

ఎన్వలప్ సూత్రం ఈ ఆలోచనకే డ్రాయింగు భాషలో వచ్చిన రూపం. అమెరికా వాళ్ల ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణంలో దీన్ని మొదటి నియమం అంటారు. అది షాఫ్ట్ మీద రెండు షరతులు పెడుతుంది. ఒకటి: షాఫ్ట్ ఉపరితలం మొత్తం, గరిష్ఠ సైజులో ఉన్న దోషరహితమైన సిలిండర్ లోపలే ఉండాలి. మన ఉదాహరణలో అది 20.000 వ్యాసం, 300 పొడవు గల ఊహా సిలిండర్. రెండు: ఏ చోట అడ్డంగా కొలిచినా లావు 19.979కి తగ్గకూడదు. ఊహా సిలిండర్ కత్తికి ఒర లాంటిది. ఒర తిన్ననిది కాబట్టి దానికి సరిగ్గా సరిపడే కత్తి వంగి ఉండటానికి వీల్లేదు, కొంచెం సన్నదైతే కొంచెం వంగవచ్చు. ఈ నియమం ప్రకారం వంపుకి వేరే టాలరెన్స్ రాయనక్కర్లేదు. లావుని తగ్గిస్తే ఒరలో ఎంత ఖాళీ మిగులుతుందో అంతే వంపుకి దక్కుతుంది.

ఆ ఖాళీని లెక్క కట్టడం సులువు. షాఫ్ట్ అంతటా ఒకే లావు ఉండి, విల్లులా ఒకవైపుకే వంగిందనుకుందాం. నడుము ఊహా సిలిండర్ పైగోడని తాకుతుంది, రెండు కొనలు కిందిగోడని తాకుతాయి. నడుము దగ్గర షాఫ్ట్ మధ్యరేఖ సిలిండర్ అక్షం కంటే పైకి జరగగలిగేది ఖాళీలో సగం. కొనల దగ్గర కిందికి జరగగలిగేది మిగతా సగం. రెండూ కలిపితే మొత్తం ఖాళీ. అంటే కొనల్ని కలిపే గీత నుంచి నడుము ఎంత ఎత్తు లేచిందన్నది వంపు అనుకుంటే, అనుమతించే వంపు 20.000లోంచి షాఫ్ట్ అసలు లావుని తీసేస్తే మిగిలేది. షాఫ్ట్ సరిగ్గా 20.000 వస్తే వంపు సున్నా. 19.990 వస్తే 0.010. అతి సన్నగా 19.979 వస్తే 0.021. అంతకు మించి ఎక్కడా లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 0.021 టాలరెన్స్ ఉంది కాబట్టి ప్రతి షాఫ్టూ 0.021 వంగవచ్చని అనుకుంటారు. ఆ గరిష్ఠ వంపు దక్కేది అతి సన్నని షాఫ్ట్‌కి మాత్రమే. లావు హద్దు దాకా వెళ్లిన షాఫ్ట్‌కి వంగే హక్కు పూర్తిగా పోతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ఏ లోపమూ లేని షాఫ్ట్‌ని లోకంలో ఎవరూ తయారుచేయలేరు, మరి 20.000 దగ్గర సున్నా వంపు కోరే నియమానికి అర్థమేమిటి అని. జవాబు లేత్ దగ్గర ఉంది. 20.000 అనేది హద్దు మాత్రమే, గురి కాదు. అనుభవమున్న టర్నర్ ఎప్పుడూ దానికి కాస్త కింద గురిపెడతాడు. ఉదాహరణకి 19.988 దగ్గర ఆపితే వంపుకి 0.012 మిగులుతుంది. అయితే ఆ 0.012ని వంపు ఒక్కటే వాడుకోదు. సన్నని పొడవాటి షాఫ్ట్‌ని రెండు సెంటర్ల మధ్య పట్టి తిప్పేటప్పుడు కొనల దగ్గర గట్టి ఆసరా ఉంటుంది, నడుము దగ్గర ఉండదు. అక్కడ టూలు తోపుకి షాఫ్ట్ పక్కకి తప్పుకుంటుంది, అందువల్ల తక్కువ లోహం తెగుతుంది. ఫలితంగా నడుము కొనల కంటే లావుగా పీపా ఆకారంలో తేలుతుంది. కొనలు 19.988, నడుము 19.998 వచ్చాయనుకుందాం. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. ఇప్పుడు వంపుకి ఎంత మిగిలింది? నడుము దగ్గర ఖాళీ 0.002, అందులో సగం 0.001. కొనల దగ్గర ఖాళీ 0.012, అందులో సగం 0.006. కలిపితే 0.007. పీపా ఆకారం వంపు వాటాలోంచి 0.005 కాజేసింది. అందుకే సైజు టాలరెన్స్‌ని ఒక ఉమ్మడి ఖర్చు పద్దుగా చూడాలి. సైజు తేడా, టేపరు, గుండ్రదనంలో లోపం, వంపు, అన్నీ అందులోంచే ఖర్చవుతాయి.

ఇంతవరకూ చెప్పిన లెక్కలో షాఫ్ట్ పొడవు ఎక్కడా రాలేదన్నది పాఠకుడు గమనించే ఉంటాడు. అసలు చిక్కంతా అక్కడే. 300 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కైనా, అదే లావున్న ఒక మీటరు షాఫ్ట్‌కైనా నియమం ఇచ్చే గరిష్ఠ వంపు 0.021 మాత్రమే. కానీ ఆ రెండు వంపులూ ఒకటి కావు. 300 మిల్లీమీటర్ల పొడవులో 0.021 వంపుకి సరిపడే చాపం వ్యాసార్ధం సుమారు 536 మీటర్లు. అదే వంపు ఒక మీటరు పొడవులో ఉంటే వ్యాసార్ధం దాదాపు 6 కిలోమీటర్లు. పొడవు మూడు రెట్లకి కొంచెం పైన పెరిగితే, షాఫ్ట్ పదకొండు రెట్లు తిన్నగా ఉండాల్సి వస్తోంది, ఎందుకంటే వంపు పొడవు వర్గంతో పెరుగుతుంది. తిరగేసి చెబితే, 300 పొడవులో 0.021 వంపు ఇచ్చే లోహపు కడ్డీని అదే తీరుగా మీటరు దాకా సాగిస్తే వంపు 0.233 అవుతుంది. ఈ షాఫ్ట్‌ని గీసిన డిజైనర్ లావు గురించి మాత్రమే ఆలోచించి హెచ్7 రాసి ఉండవచ్చు. కానీ ఆ చిన్న గుర్తుతో మీటరు పొడవున ఆరు కిలోమీటర్ల వ్యాసార్ధం కంటే తిన్నని కడ్డీని అడిగిన సంగతి ఆయనకి తెలియకపోవచ్చు.

కడ్డీ సొంత బరువుని కూడా లెక్కలోకి తెస్తే ఈ కోరిక ఎంత కఠినమైనదో ఇంకా స్పష్టమవుతుంది. 20 మిల్లీమీటర్ల ఉక్కు షాఫ్ట్ మీటరుకి దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది. దాన్ని రెండు కొనల దగ్గర ఆసరాల మీద అడ్డంగా పెడితే నడుము తన బరువుకే కుంగుతుంది. 300 మిల్లీమీటర్ల షాఫ్ట్‌లో ఆ కుంగు 0.0016 మిల్లీమీటరు, పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. మీటరు షాఫ్ట్‌లో అది 0.195. అంటే టాలరెన్స్ మొత్తానికి తొమ్మిది రెట్ల పైమాటే. కుంగు పొడవు నాలుగో ఘాతంతో పెరగడమే ఇందుకు కారణం. ఈ లావున్న షాఫ్ట్‌లో కుంగు, టాలరెన్స్ సమానమయ్యే పొడవు సుమారు 570 మిల్లీమీటర్లు. అది దాటాక, టేబుల్ మీద పడుకోబెట్టిన తీరుని బట్టే షాఫ్ట్ ఊహా సిలిండర్‌లోంచి బయటికి పోగలదు. అప్పుడు నియమానికి అర్థం లేనట్టేనా? లేదు. నియమం అడిగేది షాఫ్ట్ సొంత ఆకారం గురించి, దాని మీద పడే బరువు గురించి కాదు. ఐఎస్ఓ 8015 ప్రమాణం 2011 నాటి రూపంలో భాగాన్ని బిరుసైనదిగా, బయటి బలాలేవీ పడనిదిగా భావించి టాలరెన్స్‌లని చదవాలని స్పష్టం చేసింది. కాబట్టి ఈ సందర్భంలో పని నియమాన్ని తీసేయడం కాదు, కుంగుని శాశ్వతమైన వంపు నుంచి విడదీసి కొలవడం.

అది ఎలాగో దగ్గరగా చూద్దాం. రెండు వీ-బ్లాకుల మీద షాఫ్ట్ కొనల్ని ఉంచి, నడుము మీద డయల్ ఇండికేటర్ ముల్లు ఆనించి, షాఫ్ట్‌ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. బరువువల్ల వచ్చే కుంగు ఎప్పుడూ కిందికే ఉంటుంది, షాఫ్ట్ తిరిగినా అది తిరగదు, అందువల్ల ముల్లు దానికి కదలదు. శాశ్వతమైన వంపు మాత్రం షాఫ్ట్‌తోపాటు తిరుగుతుంది. ఒకసారి పైకి వస్తుంది, సగం చుట్టు తర్వాత కిందికి పోతుంది. అందుకే ముల్లు చూపే మొత్తం కదలిక వంపుకి రెండింతలు. ముల్లు 0.030 తిరిగిందంటే వంపు 0.015. ఇప్పుడు మైక్రోమీటర్ అంతటా 19.988 చూపిందనుకుంటే, రెండూ కలిపితే 20.003. హద్దు దాటింది, షాఫ్ట్ తిరస్కరించాల్సిందే. ఒక జాగ్రత్త ఉంది. షాఫ్ట్ మూడు మూలల గుండ్రంగా తేలితే మైక్రోమీటర్ దాన్ని పట్టుకోలేదు, వీ-బ్లాకు మీద డయల్ ముల్లు కూడా ఆ లోపాన్ని వంపుతో కలిపేసి చూపుతుంది. అలాంటి అనుమానం ఉంటే గుండ్రదనాన్ని విడిగా కొలవాలి. త్రీడీ కొలత యంత్రం ఉన్నచోట, ఉపరితలం మీద చాలా బిందువులు తీసుకుని, వాటన్నిటినీ పొదువుకునే అతి చిన్న సిలిండర్ వ్యాసం కట్టడమే సూటి పద్ధతి. ఆ వ్యాసం 20.000 దాటకూడదు.

వర్క్‌షాపుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు మాత్రం పొట్టి రింగ్ గేజ్‌ది. 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గో రింగుని షాఫ్ట్ మీద ఒక కొస నుంచి ఇంకో కొసకి జారిస్తే పరీక్ష అయిపోయిందనుకుంటారు. మీటరు పొడవున 0.500 వంగిన షాఫ్ట్‌లో, ఆ రింగు పరిధిలోకి వచ్చే 20 మిల్లీమీటర్ల ముక్కలో వంపు 0.0002 మాత్రమే. రింగు హాయిగా జారిపోతుంది. అది గరిష్ఠ లావుని పరీక్షించింది, వంపుని ముట్టుకోలేదు. టేలర్ గో గేజ్ పూర్తి పొడవు ఉండాలన్నది ఇందుకే. మీటరు పొడవున్న గొట్టాన్ని 20.000 వ్యాసంతో దోషం లేకుండా తయారుచేయడం దాదాపు అసాధ్యం కాబట్టి, అలాంటి షాఫ్ట్‌కి వీ-బ్లాకు, డయల్ మార్గమే మిగులుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే బలమైన అభ్యంతరానికి వద్దాం. సైజు టాలరెన్స్ ఒక్కటే వంపుని కట్టడి చేస్తుందన్న మాట అన్ని డ్రాయింగులకీ వర్తించదు. ఐఎస్ఓ పద్ధతిలో మూల సూత్రం స్వతంత్రత. అంటే సైజు టాలరెన్స్ ఒక్కో అడ్డుకోతలో కొలిచే లావుకే పరిమితం, ఆకారానికి వేరే హద్దు కావాలి. ఎన్వలప్ కావాలంటే సైజు పక్కన వలయంలో ‘ఈ’ అనే ఇంగ్లీషు అక్షరం రాయాలి. రాయకపోతే అదే హెచ్7 వంపు గురించి మౌనంగా ఉంటుంది. అప్పుడు డ్రాయింగులో పాత ఐఎస్ఓ 2768 సాధారణ టాలరెన్స్‌లలో కే తరగతి ప్రస్తావన ఉంటే, 300 నుంచి 1000 మిల్లీమీటర్ల పొడవుకి 0.6 దాకా వంపు అనుమతించినట్టే. 0.021తో పోలిస్తే దాదాపు ముప్పై రెట్లు. అమెరికా కంపెనీకీ యూరప్ కంపెనీకీ పనిచేసే ఒకే వర్క్‌షాపులో, ఒకే అంకెలున్న రెండు డ్రాయింగులు రెండు వేర్వేరు షాఫ్ట్‌లని అడుగుతుండవచ్చు. ఇది ఎన్వలప్ సూత్రంలోని లోపం కాదు. ఏ నియమం అమలులో ఉందో డ్రాయింగు టైటిల్ బ్లాకు చెప్పాలి, చదివేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

స్వతంత్రతని సమర్థించేవాళ్ల వాదనలో నిజం ఉందని పొడవాటి షాఫ్టే చూపిస్తుంది. మీటరు షాఫ్ట్ నడుముని 0.3 మిల్లీమీటరు వంచడానికి కావలసిన బలం 23 న్యూటన్లు, అంటే రెండున్నర కిలోల బరువు. చేతి వేలితో వచ్చే బలం. ఆ షాఫ్ట్ బేరింగుల్లో కూర్చున్నప్పుడు తానే తిన్నగా సర్దుకోగలదు. అలాంటి షాఫ్ట్‌ని 0.021 వంపుకి తెమ్మనడం డబ్బు దండగ. అదే పని 300 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి చేయాలంటే దాదాపు 88 కిలోల బరువు కావాలి. ఆ పొట్టి షాఫ్ట్ బేరింగు బలానికి లొంగదు, బేరింగునే చెడగొడుతుంది. అక్కడ ఎన్వలప్ సూత్రం విలువ నిక్కచ్చిగా నిలుస్తుంది. కాబట్టి పొట్టి షాఫ్ట్‌ని సైజు టాలరెన్స్ కాపాడుతుందని నమ్మవచ్చు. పొడవాటి సన్నని షాఫ్ట్‌కి మాత్రం డిజైనర్ సైజుతోపాటు అక్షం తిన్నదనానికి వ్యాసం గుర్తుతో వేరే టాలరెన్స్ ఇవ్వాలి. 0.3 ఇస్తే మొదటి నియమం ఆ మేరకు సడలుతుంది. షాఫ్ట్ ఆక్రమించే చోటు 20.000కి బదులు 20.300 దాకా పెరగవచ్చు. లావు మాత్రం హెచ్7 హద్దుల్లోనే ఉంటుంది. ఒకేచోట మెలిక పడకుండా, ప్రతి 100 మిల్లీమీటర్లకి ఇంత అని కూడా పరిమితి పెట్టవచ్చు.

ఇంకో రెండు చోట్ల ఈ సూత్రం చేతులెత్తేస్తుంది. మిల్లు నుంచి వచ్చిన కడ్డీని పైపొర తీయకుండా అలాగే వాడితే, దాని తిన్నదనం సరుకు ప్రమాణానికి లోబడుతుంది, మొదటి నియమానికి కాదు. సాధారణంగా ఆ హద్దులు మీటరుకి మిల్లీమీటర్లలో ఉంటాయి. రెండోది ఇంకా ప్రమాదకరం. సూత్రం ఒక్కో సిలిండర్‌కి విడివిడిగా వర్తిస్తుంది. ఒక షాఫ్ట్‌కి రెండు కొసల్లో 40 మిల్లీమీటర్ల జర్నల్స్, మధ్యలో లావు మెట్లు ఉంటే, ఒక్కో జర్నల్ తన పొడవు మేరకు తిన్నగా ఉంటే చాలు. రెండు జర్నల్స్ ఒకే గీత మీద ఉండాలన్న షరతు సైజు టాలరెన్స్‌లో లేదు. అలాంటి షాఫ్ట్ మొత్తంగా ఎంత వంగినా ఎన్వలప్ సూత్రం ప్రకారం తప్పు పట్టలేం. అక్కడ ఏకాక్షతకో, రనౌట్‌కో వేరే టాలరెన్స్ తప్పనిసరి.

పొడవాటి షాఫ్ట్ డ్రాయింగు చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ ప్రమాణం అమలులో ఉంది, షాఫ్ట్ ఒకే సిలిండరా లేక మెట్లున్నదా, దాని సొంత బరువు కుంగు టాలరెన్స్ కంటే ఎక్కువా తక్కువా. మూడో జవాబు ఎక్కువ అని వస్తే, సైజు టాలరెన్స్ ఒక్కదాని మీద భారం వేయకుండా తిన్నదనానికి సొంత అంకె రాయమని డిజైనర్‌ని అడగండి.